గుండె పాఠం నోట్సు టైపింగుకు వచ్చింది, ఈ బాణాలను ఏం చేయాలి?

ఒంగోలు_డీటీపీ

ఒంగోలులో మాది డీటీపీ, జిరాక్సు షాపు. ఎంబీబీఎస్ ఫైనలియర్ చదివే అబ్బాయి ఒకడు కార్డియాలజీ క్లాసుల్లో రాసుకున్న నోట్సు తెచ్చిచ్చాడు. "అన్నా, పరీక్ష ముందు రోజు రాత్రి తిరగేసుకునేలా హెడ్డింగులు, టేబుళ్లు పెట్టి చేసివ్వు" అన్నాడు. పెళ్లి కార్డులు, దస్తావేజులు, డిగ్రీ ప్రాజెక్టు రిపోర్టులు చాలా చేశాను. ఇది మాత్రం వేరే రకం. టైపింగు కష్టం కాదు, ఎక్కడ ఏ మాట దేనికి తగులుకుని ఉందో తెలియడం లేదు.

వాల్వుల పేజీలో కొంత ఇక్కడ పెడుతున్నా. నోట్సులో ఇంగ్లీషు పొట్టి అక్షరాలు ఉన్నాయి, నేను తెలుగులో రాస్తున్నా. బాణాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

ఎం.ఎస్. – ఎస్1 ↑ (కాల్స్ ↓), ఓ.ఎస్. +, ఎం.డి.ఎం. ఏపెక్స్, బెల్, ఎల్.ఎల్. → పి.ఎస్.ఏ. (ఏ.ఎఫ్. –)
సివియర్ → ఏ2-ఓ.ఎస్. ↓, మర్మర్ లెంగ్త్ ↑, ఏరియా < 1
ఎం.ఆర్. – ఎస్1 ↓, పి.ఎస్.ఎం. → యాక్సిలా, ఎస్3
ఏ.ఆర్. – ఈ.డి.ఎం., 3 ఎల్.ఐ.ఎస్., ముందుకు వంగి, ఏ.ఎఫ్. +

నాకు తోచింది ఎడమవైపు జబ్బు పేరు, కుడివైపు మిగతాదంతా పెట్టి ఒక టేబుల్ చేయడం. ఇలా చేస్తే చదువుకునేవాళ్లకు పనికొస్తుందా? పొట్టి అక్షరాలను విడదీసి పూర్తి పేర్లు రాయమని కూడా అడిగాడు. నెట్‌లో వెతికి రాసేయొచ్చా?

పెన్నా_గట్టు

బాబూ, ముందు స్కానింగు సరిగా చేయించు. పెన్సిలుతో రాసిన పేజీలు ఫోనుతో తీస్తే నీడ పడుతుంది. కనీసం 300 డీపీఐ పెట్టి ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద చేస్తే అక్షరం స్పష్టంగా కనపడుతుంది. మా రోజుల్లో కాపీ రైటింగు పుస్తకాలు రాయించేవాళ్లు. ఇప్పటి పిల్లలకు చేతిరాత మీద ధ్యాసే లేదు, ముఖ్యంగా డాక్టర్లకి.

ఒంగోలు_డీటీపీ

మాస్టారూ, అక్షరాలు కనపడుతున్నాయి. వాటి అర్థమే కనపడడం లేదు.

మూడో_స్పేస్

అన్నా, నేనూ ఫైనలియర్, నెల్లూరులో. పొట్టి అక్షరాలు నేను చెప్తాను, రాసుకో. ఎం.ఎస్. అంటే మైట్రల్ స్టెనోసిస్, ఎం.ఆర్. మైట్రల్ రిగర్జిటేషన్, ఏ.ఆర్. అయోర్టిక్ రిగర్జిటేషన్. స్టెనోసిస్ అంటే కవాటం ఇరుకవడం, రిగర్జిటేషన్ అంటే లీకవడం. ఓ.ఎస్. ఓపెనింగ్ స్నాప్. ఎం.డి.ఎం. మిడ్ డయాస్టోలిక్ మర్మర్, పి.ఎస్.ఎం. పాన్ సిస్టోలిక్, ఈ.డి.ఎం. ఎర్లీ డయాస్టోలిక్. ఎల్.ఎల్. లెఫ్ట్ లేటరల్, అంటే పేషెంటును ఎడమ పక్కకు తిప్పి వినాలి. ఏ.ఎఫ్. ఏట్రియల్ ఫిబ్రిలేషన్. వర్డ్‌లో ఫైండ్ అండ్ రిప్లేస్ కొట్టేస్తే అయిదు నిమిషాల్లో అయిపోతుంది.

ఇంకోటి, మొత్తం టేబుళ్లలో పెట్టెయ్. పేరాలు ఎవరూ చదవరు. ప్రతి లైనూ ఒక గడిలో పడాలి.

జనరల్_వార్డు

రిప్లేస్ ఆల్ మాత్రం కొట్టకండి. పైన పెట్టిన నాలుగు లైన్లలోనే ఏ.ఎఫ్. రెండుసార్లు వచ్చింది, రెండు చోట్లా అర్థం వేరు.

ఎం.ఎస్. లైనులో అది ఏట్రియల్ ఫిబ్రిలేషనే. మైట్రల్ స్టెనోసిస్‌లో డయాస్టోల్ చివర్లో కర్ణిక సంకోచించినప్పుడు రక్తం ఇరుకు కవాటం గుండా ఇంకా జోరుగా వెళ్తుంది కాబట్టి మర్మర్ చివర పెద్దదవుతుంది. దాన్నే పి.ఎస్.ఏ. అని రాసుకున్నాడు, ప్రీ సిస్టోలిక్ యాక్సెంచుయేషన్. ఫిబ్రిలేషన్ వస్తే కర్ణిక ఒక్కుమ్మడిగా సంకోచించదు కాబట్టి ఆ పెరుగుదల పోతుంది. పక్కన మైనస్ గుర్తు అందుకే.

ఏ.ఆర్. లైనులో ఏ.ఎఫ్. ప్లస్ అంటే ఆస్టిన్ ఫ్లింట్ మర్మర్ అనుకుంటున్నాను. తీవ్రమైన అయోర్టిక్ రిగర్జిటేషన్‌లో ఏపెక్స్ దగ్గర, మైట్రల్ స్టెనోసిస్‌లో లాగే, మిడ్ డయాస్టోలిక్ మర్మర్ వినపడుతుంది. మైట్రల్ కవాటం మాత్రం బాగానే ఉంటుంది. అక్కడ ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని పడితే, ఆ అబ్బాయి పరీక్షలో అయోర్టిక్ రిగర్జిటేషన్ గుర్తుల్లో ఫిబ్రిలేషన్ ఒకటని చెప్తాడు. అక్కడితో ఆగదు. ఆస్టిన్ ఫ్లింట్‌కీ అసలు స్టెనోసిస్‌కీ తేడా ఏమిటనేది ఎగ్జామినర్లకు ఇష్టమైన ప్రశ్న. స్నాప్ ఉండదు, మొదటి శబ్దం గట్టిగా ఉండదు అని చెప్పాలి. ఆ జవాబు మొత్తం షీటులోంచి ఎగిరిపోతుంది.

ఇలాంటివి పట్టుకోవాలంటే పొట్టి అక్షరాన్ని విడిగా చూడకూడదు, ఎవరి పక్కన కూర్చుందో చూడాలి.

మూడో_స్పేస్

ఓహ్, నిజమే మేడం. ఏ.ఆర్. కింద ఉంది కదా, నేను పైనుంచి వరసగా చదువుకుంటూ పోయా.

సింగరాయకొండ_సిస్టర్

నేను స్టాఫ్ నర్సుని. నాకు భయం వేసింది "కాల్స్ ↓" చూసి. అన్నా, దాన్ని మీరెలా రాశారు?

ఒంగోలు_డీటీపీ

ఇంకా రాయలేదమ్మా. కాల్షియం తగ్గుతుందని అనుకున్నా. కాదా?

జనరల్_వార్డు

కాదు. అది కాల్సిఫైడ్. కవాటం రేకుల్లో సున్నం పేరుకుని బిగుసుకుపోతే, అప్పటిదాకా గట్టిగా వినపడిన మొదటి శబ్దం మెత్తబడుతుంది. బ్రాకెట్టు ఎస్1 పక్కన ఉంది కాబట్టి కింది బాణం ఎస్1ది, కాల్షియంది కాదు. ఆ దశలో ఓపెనింగ్ స్నాప్ కూడా పోవచ్చు, ఎందుకంటే టప్పున తెరుచుకునే మెత్తదనం రేకులకు ఉండదు.

ఇక్కడే మీ శీర్షికలో అడిగిన ప్రశ్నకు వస్తున్నాను. ఈ నాలుగు లైన్లలో బాణాలు ఏమేం చేస్తున్నాయో చూడండి. ఎస్1 పక్కన పై బాణం అంటే శబ్దం గట్టిగా ఉంది. మర్మర్ లెంగ్త్ పక్కన పై బాణం అంటే ఎక్కువసేపు వినపడుతుంది. ఏ2-ఓ.ఎస్. పక్కన కింది బాణం అంటే రెండు శబ్దాల మధ్య వ్యవధి తగ్గింది, శబ్దం తగ్గడం కాదు. యాక్సిలా ముందు అడ్డ బాణం అంటే మర్మర్ చంక వైపు పాకుతుంది. సివియర్ తర్వాత అడ్డ బాణం అంటే తీవ్రమైతే ఏమవుతుందో చెప్పడం. క్లాసులో రాసుకున్న రోజు అన్నీ గుర్తుంటాయి. మూడు నెలల తర్వాత అదే పిల్లాడు ఏ2-ఓ.ఎస్. ↓ చూసి స్నాప్ మెత్తగా ఉంటుందని చదువుకుంటాడు.

అందుకని శుద్ధప్రతిలో ఒక్క బాణం కూడా ఉంచకండి. ప్రతి దాన్నీ ఒక క్రియగా మార్చండి. గట్టిగా ఉంటుంది, మెత్తబడుతుంది, తగ్గుతుంది, పాకుతుంది అని. ఏ క్రియ రాయాలో తేలకపోతే ఆ బాణం అర్థం మీకు తెలియనట్టే, దాన్ని అబ్బాయికి పంపే సందేహాల కాగితం మీద రాయండి.

ఒంగోలు_డీటీపీ

బాణాలు తీసేయడానికి నా వైపు నుంచి ఇంకో కారణం కూడా ఉంది. వర్డ్‌లో `-->` కొడితే అదే బాణంగా మారుతుంది గానీ ఆ బాణం వింగ్‌డింగ్స్ ఫాంటులో పడుతుంది. ఆ ఫైలు కాపీ చేసి ఇంకోచోట పేస్టు చేస్తే బాణం ఉన్నచోట `à` అని వస్తుంది. పిల్లలు వాట్సాప్ గ్రూపులో పెట్టుకుంటారు కదా, అక్కడ చూసినవాళ్లకు అదేదో కొత్త రకం శబ్దం అనిపిస్తుంది.

సరే మేడం, వరస చెప్పండి. ముందు టైపు చేసి తర్వాత విడగొట్టాలా, లేక విడగొట్టుకుంటూ టైపు చేయాలా?

జనరల్_వార్డు

ముందు ఉన్నది ఉన్నట్టు. తప్పని తెలిసినా దిద్దకుండా, వరస మార్చకుండా, చదవలేని మాట దగ్గర మూడు ప్రశ్నార్థకాలు పెట్టి, పక్కన పేజీ నంబరు వేసి. ఆ ప్రతిని విడిగా దాచండి. తర్వాత ఎవరైనా "ఇది సార్ చెప్పారా, నువ్వు కలిపావా" అని అడిగితే చూసుకోవడానికి అదొక్కటే ఆధారం.

ఆ తర్వాత పొట్టి అక్షరాల జాబితా. ఒక్కో దానికీ అర్థం, అది వచ్చిన ప్రతి చోటు. ఏ.ఎఫ్. లాంటివి రెండు వరసలు అవుతాయి. ఈ జాబితా, సందేహాలు ఆ అబ్బాయి చేత దిద్దించాకే టేబుల్ మొదలుపెట్టండి. మీరు నెట్‌లో వెతికి పూర్తి పేరు కనుక్కోగలరు, కానీ ఆ క్లాసులో ఆ పొట్టి అక్షరంతో ఏమనుకున్నాడో నెట్‌కు తెలియదు.

అన్నీ టేబుళ్లలో పెట్టమన్న తమ్ముడి మాట సగం నిజం. పోల్చి చూడాల్సినవి టేబుల్లోకి వెళ్లాలి. ఒకదాని వల్ల ఇంకోటి జరిగేవి వెళ్లకూడదు. స్టెనోసిస్ ముదిరితే ఏ2-ఓ.ఎస్. వ్యవధి ఎందుకు తగ్గుతుంది? ఎడమ కర్ణికలో ఒత్తిడి ఎక్కువై కవాటం తొందరగా తెరుచుకుంటుంది కాబట్టి. అది రెండు వాక్యాల కథ. దాన్ని గడుల్లో ముక్కలు చేస్తే "వ్యవధి తగ్గుతుంది" అన్న మాట ఒక్కటే మిగులుతుంది, అది పెరుగుతుందో తగ్గుతుందో పరీక్ష హాల్లో మళ్లీ తికమక. టేబుల్ కింద "ఎందుకు" అని చిన్న హెడ్డింగు పెట్టి ఆ వాక్యాలు రాయండి.

కావలి_బాబాయ్

అందరికీ నమస్కారం. మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. మా అమ్మకు ఇదే మైట్రల్ స్టెనోసిస్. ఎకో రిపోర్టులో వాల్వ్ ఏరియా 1.3 అని ఉంది. పాత రిపోర్టులో దాన్ని మోడరేట్ అని రాశారు. ఈసారి చూసిన డాక్టరు గారు సివియర్ అంటున్నారు. నంబరు దాదాపు అదే. పైన నోట్సులో 1 కన్నా తక్కువైతేనే సివియర్ అని ఉంది కదా. మరి మాకు ఎందుకలా చెప్పారు? బెలూన్‌తో వాల్వు తెరిపించుకోవాల్సిందేనా?

జనరల్_వార్డు

బాబాయ్ గారూ, బెలూన్ సంగతి ఇక్కడ ఎవరూ చెప్పలేరు, చెప్పకూడదు కూడా. ఆయాసం ఎంతుంది, కవాటం రేకులు ఎలా ఉన్నాయి, కర్ణికలో రక్తం గడ్డ ఉందా, కవాటం లీకు ఎంత అన్నవన్నీ చూసి అమ్మగారి డాక్టరే తేల్చాలి. అమ్మగారికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కూడా ఉండి రక్తం పలచబడే మాత్ర వాడుతుంటే, దాన్ని ఎవరో చెప్పారని మార్చొద్దు.

నంబరు సంగతి మాత్రం చెప్పగలను. ఇద్దరు డాక్టర్లూ తప్పు చెప్పలేదు. మామూలుగా ఆ కవాటం 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు తెరుచుకుంటుంది. పాత పద్ధతిలో 1 కన్నా తక్కువైతే సివియర్, 1 నుంచి 1.5 దాకా మోడరేట్. 2014లో అమెరికా హృద్రోగ సంఘాల మార్గదర్శకాల్లో 1.5, అంతకన్నా తక్కువ ఉంటే సివియర్ అనీ, 1, అంతకన్నా తక్కువైతే వెరీ సివియర్ అనీ మార్చారు. సివియర్‌కు 1.5 అన్న గీతను 2020లోనూ ఉంచారు. అమ్మగారి కవాటం అలాగే ఉండొచ్చు, గీత జరిగింది. కానీ ఈ మాట నా నోటి నుంచి కాకుండా రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి మీ డాక్టరు గారినే అడగండి.

కావలి_బాబాయ్

అమ్మయ్య. నెల నుంచి ఇంట్లో అదే టెన్షన్, జబ్బు ముదిరిందేమోనని. మంగళవారం వెళ్తున్నాం, రెండూ తీసుకెళ్తా.

మూడో_స్పేస్

అయితే మేడం, షీటులో ఏ నంబరు వేయాలి? మా సార్ కూడా 1 అనే చెప్పారు. కొత్తది రాస్తే ఎగ్జామినర్ పాతవాడైతే?

జనరల్_వార్డు

రెండూ వేయాలి, ఏది ఎక్కడిదో చెప్పి. "క్లాసులో: 1 కన్నా తక్కువ. 2014 మార్గదర్శకాల్లో: 1.5 లేదా తక్కువ, 1 లేదా తక్కువైతే వెరీ సివియర్." ముందు ఏది వేయాలన్నది నేను చెప్పను. నేను ఎగ్జామినర్‌గా కూర్చుంటే రెండూ చెప్పి తేడా ఎప్పుడొచ్చిందో చెప్పినవాడికి మార్కులు వేస్తాను. అందరూ అలా ఉండరు.

డీటీపీ అన్నకు ఒక మాట. నోట్సులో 1 అని ఉంటే మీరు దాన్ని 1.5గా దిద్దకండి. కింద చేర్చిన లైను వేరే అని కనపడాలి. కొందరు పిల్లలు కొత్తగా చేర్చింది ఎర్ర రంగులో వేయమంటారు.

ఒంగోలు_డీటీపీ

రంగు పనికిరాదు మేడం. ఒకడు కలర్ ప్రింటు తీసుకుంటాడు, ఇరవై మంది దాన్నే బ్లాక్ అండ్ వైట్ జిరాక్సు తీయిస్తారు. ఎరుపు, నలుపు ఒకటైపోతాయి. లేత నీలం అయితే అసలు పడదు. నేను క్లాసులో చెప్పింది మామూలు అక్షరాల్లో, పుస్తకం నుంచి చేర్చింది ఇటాలిక్స్‌లో వేసి, లైను ముందు చదరం గుర్తు పెడతా. జిరాక్సు జిరాక్సు తీసినా అది పోదు.

మేడం చెప్పినట్టు రెండు జబ్బుల వరకు చేసి పెడుతున్నా, చూడండి. అబ్బాయి పొట్టి అక్షరాల జాబితా దిద్ది పంపాడు. ఏ.ఆర్. దగ్గర ఏ.ఎఫ్. అంటే ఆస్టిన్ ఫ్లింటే అన్నాడు.

| చూడాల్సింది | మైట్రల్ స్టెనోసిస్ | మైట్రల్ రిగర్జిటేషన్ |
|---|---|---|
| మొదటి శబ్దం | గట్టిగా ఉంటుంది. రేకుల్లో సున్నం పేరుకుంటే మెత్తబడుతుంది | మెత్తగా ఉంటుంది |
| అదనపు శబ్దం | ఓపెనింగ్ స్నాప్ | మూడో శబ్దం |
| మర్మర్ సమయం | మిడ్ డయాస్టోలిక్, చివర పెరుగుతుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంటే ఆ పెరుగుదల ఉండదు | పాన్ సిస్టోలిక్ |
| పాకే దిక్కు | | చంక వైపు పాకుతుంది |
| వినే పద్ధతి | ఏపెక్స్ దగ్గర, బెల్‌తో, ఎడమ పక్కకు తిప్పి | |
| ముదిరితే | రెండో శబ్దానికీ స్నాప్‌కూ మధ్య వ్యవధి తగ్గుతుంది. మర్మర్ ఎక్కువసేపు వినపడుతుంది | |

మూడు గడులు ఖాళీగా ఉన్నాయి. చూడ్డానికి బాగాలేదు. గీత పెట్టేయనా?

జనరల్_వార్డు

చాలా శుభ్రంగా ఉంది. గీత మాత్రం వద్దు. గీత చూస్తే చదివేవాడు "లేదు" అనుకుంటాడు. మైట్రల్ స్టెనోసిస్ మర్మర్ పెద్దగా పాకదు కాబట్టి ఆ గడిలో గీత పడినా పెద్ద నష్టం లేదు. కానీ కింది గడిలో గీత పడితే రిగర్జిటేషన్ తీవ్రతకు గుర్తులే లేవని అర్థం వస్తుంది. అది పచ్చి అబద్ధం. నోట్సులో వరసగా రాసుకున్నప్పుడు ఈ ఖాళీలు ఎవరికీ కనపడవు. టేబుల్ గీయగానే బయటపడతాయి. బయటపడ్డాక చేయి ఆగదు, ఏదో ఒకటి నింపాలనిపిస్తుంది. "నోట్సులో లేదు" అనే మాటే వేయండి. అబ్బాయి పుస్తకం చూసి చెప్తే ఇటాలిక్స్‌లో మీ చదరం గుర్తుతో నింపండి.

ఒక చిన్న సవరణ. "ముదిరితే" వరసలో మర్మర్ ఎంత గట్టిగా ఉందన్నది తీవ్రతకు కొలత కాదు అని ఒక్క మాట చేర్చమని అబ్బాయితో చెప్పండి. స్టెనోసిస్‌లో ఎంతసేపు వినపడుతుందన్నదే లెక్క. బాగా ముదిరి రక్తం పారడమే తగ్గితే మర్మర్ దాదాపు వినపడకపోవచ్చు కూడా.

మూడో_స్పేస్

నాకైతే జబ్బులు ఎడమవైపు, ప్రశ్నలు పైన ఉండాలి. లాంగ్ కేసు పెట్టినప్పుడు ఒక పేషెంటు, ఒక జబ్బు. ఒక అడ్డ వరస గుక్కతిప్పకుండా చదివేస్తే కేసు మొత్తం వచ్చేస్తుంది. డీటీపీ అన్న పెట్టినట్టు నిలువుగా ఉంటే పైనుంచి కిందికి వేలు పెట్టుకుని చదవాలి.

సింగరాయకొండ_సిస్టర్

అలా పెడితే ఏడు నిలువు గళ్లు అవుతాయి తమ్ముడూ, ఏ4 కాగితంలో ఒక్కో గడికి రెండు మాటలు పడతాయి. కంటికి చిరాకు.

ఒంగోలు_డీటీపీ

ల్యాండ్‌స్కేప్ పెడితే పడతాయి. కానీ బైండింగు పైన వస్తుంది, పుస్తకం తిప్పి తిప్పి చదవాలి. నాలుగు వాల్వులు నిలువు గళ్లుగా, ప్రశ్నలు అడ్డంగా ఉంటే పోర్ట్రెయిట్‌లో సర్దుకుంటుంది. రెండో పేజీకి పోతే వాల్వుల పేర్లు మళ్లీ పైన రావాలి, దానికి `Repeat Header Rows` పెడతా. ఒక గడి సగం ఈ పేజీలో సగం ఆ పేజీలో తెగకుండా `Allow row to break across pages` తీసేస్తా. ఈ రెండూ చూసుకోకపోతే రెండో పేజీలో "మెత్తబడుతుంది" అని ఉంటుంది, ఏ వాల్వుదో ఎవరికీ తెలియదు.

మూడో_స్పేస్

అయినా నాకు నా పద్ధతే నచ్చింది. ఇంకో పేజీ గురించి చెప్తా, అది మీకు తప్పకుండా వస్తుంది, అందరి నోట్సులోనూ ఉంటుంది. "వాల్సాల్వా – ఆల్ ↓, హోకమ్ ↑". అది టేబుల్ అక్కర్లేదు, ఒక్క లైను చాలు. వాల్సాల్వా చేయిస్తే అన్ని మర్మర్లూ తగ్గుతాయి, హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి ఒక్కటే పెరుగుతుంది.

జనరల్_వార్డు

ఒక్కటే కాదు తమ్ముడూ. మైట్రల్ వాల్వ్ ప్రొలాప్స్ కూడా ఉంది. ముక్కినప్పుడు ఎడమ జఠరికలోకి వచ్చే రక్తం తగ్గి గది చిన్నదవుతుంది. ప్రొలాప్స్‌లో క్లిక్ ముందుకు జరుగుతుంది, మర్మర్ ఎక్కువసేపు వినపడుతుంది. గొంతుక్కూర్చోబెడితే దీనికి తలకిందులు. అందుకే ఆ పేజీకి టేబుల్ కావాలి. పైగా ప్రొలాప్స్ గడిలో "పెరుగుతుంది" అని ఒక్క మాట రాస్తే చాలదు. గట్టిదనం పెరుగుతుందా, పొడవు పెరుగుతుందా? అక్కడ కూడా క్రియ తేలాలి.

ఒంగోలు_డీటీపీ

ఆ పేజీ వచ్చింది మేడం, మీరు చెప్పినట్టే ఉంది. నోట్సులో ప్రొలాప్స్ పేరు బ్రాకెట్టులో ఇరికించి ఉంది, పెన్సిలుతో. దాన్ని తీసి వేరే అడ్డ వరస చేశా.

ఇప్పుడు ఒకే ఒక్కటి మిగిలింది. మైట్రల్ స్టెనోసిస్ పేజీ అడుగున మార్జిన్లో "పి.హెచ్.టి. → జి.ఎస్. ఈ.డి.ఎం." అని ఉంది. జి.ఎస్. ఏంటో అబ్బాయికి కూడా గుర్తు లేదు. క్లాసు చివర్లో సార్ గబగబా చెప్పారట.

మూడో_స్పేస్

గ్రాహం స్టీల్! పి.హెచ్.టి. అంటే పల్మనరీ హైపర్‌టెన్షన్. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగి పల్మనరీ కవాటం లీకవుతుంది, ఎర్లీ డయాస్టోలిక్ మర్మర్ వస్తుంది. ఇది మాత్రం నూటికి నూరు పాళ్లు కరెక్ట్.

జనరల్_వార్డు

పేరు వరకు నేనూ అదే అనుకుంటున్నా. కానీ అబ్బాయి నోటితో అది అనలేదు కాబట్టి ప్రశ్నార్థకం ఉంచండి. ఇంకో చిక్కు కూడా ఉంది. రుమాటిక్ స్టెనోసిస్ ఉన్న పేషెంటులో రొమ్ము ఎముక ఎడమ అంచున ఎర్లీ డయాస్టోలిక్ మర్మర్ వినపడితే, ఎక్కువసార్లు అది తోడుగా ఉన్న అయోర్టిక్ రిగర్జిటేషన్ అవుతుంది, గ్రాహం స్టీల్ కాదు. సార్ ఆ రోజు గ్రాహం స్టీల్ గురించి చెప్పారో, "గ్రాహం స్టీల్ అని తొందరపడొద్దు" అని చెప్పారో ఈ మార్జిన్ లైను నుంచి తెలియదు. రెండూ ఒకే మూడు పొట్టి మాటల్లో పడతాయి.

ఒంగోలు_డీటీపీ

అర్థమైంది. టేబుల్లోకి తీసుకోను. పేజీ అడుగున "జి.ఎస్.??? సార్‌ని అడగాలి" అని ఉన్నది ఉన్నట్టు వేసి ఇస్తా. అబ్బాయి సోమవారం పోస్టింగులో సార్‌ని కలుస్తానన్నాడు. అప్పటిదాకా ఫైనల్ ప్రింటు తీయను.

పెన్నా_గట్టు

ఇంతకీ స్కానింగు 300 డీపీఐలో చేశావా లేదా?